అక్క కోసం రాసిన ఆక్సిజన్ కాగితం

జనగామలో మోటార్లు, మందు కొట్టే పంపులు అమ్మే ఒక దుకాణానికి కాగితాలు రాసిపెట్టడం నా పని. డబ్బా విప్పగానే పైన మడతపెట్టి ఉంటుంది చూడండి, ‘ఎలా వాడాలి’ అని, అది. చాలామంది దాన్ని చదవరు. చదవకపోవడం వాళ్ళ తప్పు కాదు. ‘యంత్రమును విద్యుత్తుతో అనుసంధానించవలెను’ అని రాసినవాడు ఆ యంత్రాన్ని ఒక్కసారైనా ముట్టుకుని ఉండడు. అలాంటి కాగితం చేతికొస్తే నాకు ఒళ్ళు మండుతుంది, చించి పారేసి మళ్ళీ మొదటి నుంచి రాస్తాను. దుకాణం సేటు దీన్ని నా పిచ్చి అంటాడు.

ఆ పిచ్చి ఎప్పుడూ పంపులకే పరిమితమయ్యేది. మా బావ ఊపిరి దానిమీద ఆధారపడే రోజు వస్తుందనుకోలేదు.

బావ భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు పాడై దవాఖానలో పడ్డాడు. కాస్త తేరుకున్నాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఇంటికి పంపవచ్చు, కానీ రాత్రీ పగలూ ఆక్సిజన్ కావాలి, గదిలోని గాలి నుంచే ఆక్సిజన్ తీసే మిషన్ పెట్టుకోవాలి, దాన్ని నడిపే మనిషి ఇంట్లో ఉండాలి అన్నాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే, బావా అక్కా. అక్క ఐదో తరగతితో చదువు మానేసింది. ఫ్యాను, మిక్సీ స్విచ్‌లు తప్ప ఇంకో మిషన్ మీద చెయ్యి వేసిన మనిషి కాదు.

“ఆమె కాగితం చూసి చెయ్యాలి. నా ముందర చేసి చూపించాలి. మీరు పక్కనుండి ఒక్క మాట అందించినా పంపను,” అన్నాడు డాక్టరు.

బావ మంచం మీద నుంచి నా చొక్కా పట్టుకున్నాడు. “ఎట్లనన్న జేసి ఇంటికి తీస్కపో బామ్మర్దీ. గీడ సచ్చిపోత,” అన్నాడు. ఎప్పుడూ అలా అడిగే మనిషి కాదు.

ఇలాంటి మిషన్లు కిరాయికిచ్చే అక్కడి భాయ్ ఒకతను దాన్ని, దానితోపాటు కరెంటు పోతే వాడడానికి ఒక సిలిండర్‌ను అక్క వాళ్ళ క్వార్టర్‌లో దించాడు. నేను రాయడానికి కూర్చున్నాను. మొదట ‘మొదలుపెట్టే ముందు’ అని రాశాను: మూడు పుల్లల ప్లగ్గు పట్టే బోర్డు ఉండాలి, మిషన్ గోడకు మూరెడు దూరంలో ఉండాలి, ఆ గదిలో పొయ్యి, బీడీ, అగరొత్తి ఏదీ వెలగకూడదు. తర్వాత వరుసగా అంకెలు వేసి పనులు. సీసాలో రెండు గీతల మధ్యకు వచ్చేదాకా కాచి చల్లార్చిన నీళ్ళు పోయి. మూత బిగించు. స్విచ్ వెయ్యి. గొట్టంలో తేలే చిన్న గుండు డాక్టరు చెప్పిన అంకె మీద నిలిచేదాకా బిరడా తిప్పు. సీసాలో బుడగలు వస్తున్నాయా చూడు. ముక్కు పైపు వంపు కిందికి ఉండేట్టు బావకు పెట్టు. ఆ కింద, ఏదైనా తేడా వస్తే ఏం చెయ్యాలో.

మొదటిసారి అక్క చేత చేయించినప్పుడు డాక్టరు షరతు ప్రకారమే నోరు మూసుకుని కూర్చున్నాను. రాసినవాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది, చదివింది చదివినట్టే చేసింది. నీళ్ళు పోసింది, స్విచ్ వేసింది, గుండు నిలిపింది. బుడగలు వచ్చాయి. బావ ఇంకా దవాఖానలోనే ఉన్నాడు కాబట్టి ముక్కు పైపును దిండు మీద పెట్టింది. నాకు లేచి గంతెయ్యాలనిపించింది. అంతలో తరువాతి అంకె చదివి, చక్కగా మిషన్ ఆపేసి ప్లగ్గు పీకేసింది.

నోరు ఆగలేదు. “అయ్యో, ఎందుకు బంద్ చేసినవే?”

“గీడ ఉన్నది గదనే. మిషన్ బంద్ చేసి వైరు సూడుమని.”

కాగితం లాక్కుని చూశాను. పనులకు వేసిన అంకెలను ఆపకుండా తేడాల దాకా వేసుకుంటూ పోయాను. తేడా వచ్చి మిషన్ కూత పెడితేనే చెయ్యాల్సిన పనిని, మామూలు పనుల తర్వాతి మెట్టులా రాసిపెట్టాను. బడిలో పాఠం పైనుంచి కిందికి చదివిన మనిషి ఇదీ అలాగే చదివింది. ఆమె చేసిందే న్యాయం. పైపు బావ ముక్కుకు ఉండి ఉంటే ఊపిరాడక కొట్టుకునేవాడు.

తేడాల భాగాన్ని వేరే కాగితం మీద, ఎర్ర సిరాతో రాశాను. పైన పెద్దగా, ‘మిషన్ కూత పెడితేనే ఇది చదువు’ అని పెట్టాను. దాని దగ్గరే భాయ్‌కీ నాకూ పేచీ పడింది.

“అన్నా, ఫస్టు మిషన్ చూడమని రాయి. శానసార్లు వైరే ఊశి ఉంటది. ఊకె సిలిండర్ ఖర్చు చేస్తరు,” అన్నాడు.

“మా అక్క వైరు వెతికేటాళ్ళకు మా బావ ఏం పీలుస్తడు భాయ్?”

“పరేషాన్ చెయ్యకన్నా, నేను శాన ఇండ్లల్ల పెట్టిన.”

“శాన ఇండ్లల్ల ఉన్నోళ్ళు మా బావ కాదు,” అని గట్టిగానే అరిచాను. అతను కాగితం నా వైపు జరిపి, “సరే రాయి. మగర్ సిలిండర్ చావి ఎటు తిప్పాల్నో గూడ రాయి. అందరు గక్కడనే ఆగుతరు,” అన్నాడు. మంచి మాట. నేను ‘సిలిండర్ తెరువు’ అని మాత్రమే రాశాను. ‘ఎడమకు తిప్పు’ అని దిద్దితే, ఎటు నిలబడితే ఎడమ అని అక్క అడిగింది. చివరికి ఆమే చావి పట్టుకుని తిప్పి, “గిది నీళ్ళ నల్లా ఇప్పినట్టే గద,” అంది. అదే రాశాను.

అట్లా ఎర్ర కాగితంలో మొదటి అంకె ‘బావను చూడు’ అయింది. రెండోది, సిలిండర్ చావి నల్లా విప్పినట్టు తిప్పి, గుండును అదే అంకె మీద నిలుపు. మూడోది, పైపును మిషన్ నుంచి తీసి సిలిండర్‌కు తగిలించు. మిషన్ సంగతి ఆ తర్వాతే. గాలి పెట్టినా పెదాలు నల్లబడితే, మాట రాకపోతే అంబులెన్సుకు ఫోన్ చెయ్యి అని అడుగున గీత గీసి రాశాను.

మిషన్‌నూ సిలిండర్‌నూ ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క చీర కొంగు బొడ్లో దోపుకుని కాగితం తీసింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను, చూస్తే నోరు ఊరుకోదని. బుడగల చప్పుడు వినిపించింది. తర్వాత డాక్టరు కావాలనే ప్లగ్గు పీకాడు. మిషన్ కుయ్‌మంది. అక్క కాగితాలు మార్చిన చప్పుడు, చావి తిరిగిన చప్పుడు. “తీసుకెళ్ళండి,” అన్నాడు డాక్టరు.

బావ ఇంటికొచ్చి కొద్ది రోజులైంది. నేను మహబూబాబాద్ దగ్గర ఒక పత్తి చేను గట్టున, కొత్త పంపు ఎట్లా వాడాలో రైతులకు చూపిస్తున్నాను. ఫోన్ మోగింది. అక్క మాట కంటే ముందు కూత వినిపించింది, ఆగకుండా.

“తమ్మీ, మిషన్ మొత్తుకుంటున్నది. ఎర్ర లైటొచ్చింది. మీ బావకు దమ్మొస్తున్నది.”

నా బుర్ర పనిచెయ్యలేదు. “వైరు సూడక్కా! ప్లగ్గు సూడు! వైరు ఊశిందేమో సూడు!” అని అరిచాను. రైతులు పంపు వదిలేసి నన్నే చూస్తున్నారు.

“నువ్వు జర ఊకో,” అంది అక్క. “కాయితంల మొదలు మీ బావను సూడుమని ఉన్నది. నన్ను సదవనియ్యి.”

ఫోన్ ఎక్కడో పెట్టేసింది. కూత ఆగలేదు. ఆ కూతలోంచే అక్క చదువుతున్న గొంతు, బడిపిల్లలా. “సి...లిం...డర్ చావి...” ఆగింది. ఎందుకు ఆగిందో తెలియదు. బావ దగ్గు వినిపించింది, తర్వాత అదీ లేదు. నేను భూపాలపల్లికి ఎంత దూరంలో ఉన్నానో అప్పుడు తెలిసొచ్చింది. దేవుణ్ణి తలుచుకోను నేను. ఆ రోజు తలుచుకున్నాను. “నల్లా... ఇప్పినట్టు...” అని మళ్ళీ గొంతు. తర్వాత బుస్సుమని గాలి చప్పుడు.

మిషన్ బంద్ చేసినట్టుంది, కూత ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు.

“బామ్మర్దీ,” అన్నాడు బావ ఫోన్లో, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ. “మీ అక్క... ఏడుస్తున్నది. నాకేం గాలే.” నేను గట్టు మీదే కూలబడ్డాను. ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సిలిండర్ ఎంతోసేపు రాదు కాబట్టి భాయ్‌కి ఫోన్ చేసి, దొరికిన బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి అతను ముందే వచ్చి ఉన్నాడు. మిషన్ మళ్ళీ నడుస్తోంది. భాయ్ నవ్వాలా తిట్టాలా తెలియని మొహంతో ఒక గుడ్డ ఎత్తి చూపించాడు. లేత నీలం గుడ్డ, అంచుకు కుచ్చులు, మిషన్ కొలతకు సరిగ్గా కుట్టిన కవరు.

ఆ ఇంట్లో టీవీకి కవరు ఉంది, ఫ్రిజ్జుకు ఉంది, మిక్సీకి ఉంది. విలువైన వస్తువుకు కవరు కుట్టడం అక్కకు మొక్కకు నీళ్ళు పొయ్యడం లాంటిది. మొగుడి ప్రాణం నిలిపే మిషన్‌కు దుమ్ము పట్టకుండా ఉండాలని అన్నిటికంటే మంచి గుడ్డ తీసింది. గాలి పీల్చే సందులన్నీ మూసుకుపోయి మిషన్ వేడెక్కి కూత పెట్టింది.

“కాయితంల కప్పొద్దని లేదు,” అంది అక్క నన్ను చూడగానే. తిడతానని ముందే కాచుకుని ఉంది.

“లేదు,” అన్నాను. ‘మొదలుపెట్టే ముందు’ కింద ఆ మాట అప్పుడే రాశాను. భాయ్ తన దగ్గరి కాగితాల్లో కూడా రాసుకుని వెళ్ళిపోయాడు.

బావ నిద్రపోయాడు. అక్క ఎర్ర కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. “గిండ్ల ఇంకోటి తక్కువున్నది.”

“ఏంది?”

“ఆయినకు దమ్మాడకుంటె ఏం చెయ్యాల్నో రాసినవ్. సిలిండర్ పెట్టినంక నాకు చేతులు కాళ్ళు వణికినయ్. ఎంతసేపటికీ ఆగలే. గప్పుడు నేనేం చెయ్యాలె?”

“నాకు ఫోన్ చెయ్యి.”

“చేస్తిని గద. వైరు సూడుమంటివి.”

ఎన్నో కాగితాలు రాశాను, వాడే మనిషి భయం గురించి ఒక్క వరుస కూడా ఎక్కడా రాయలేదు. ఎర్ర కాగితం దగ్గరికి లాక్కుని, మూడో అంకె కింద రాశాను: ‘గాలి వస్తున్నదని చూసుకున్నాక, కుర్చీ వేసుకుని ఆయన పక్కన కూర్చో. ఆయన చెయ్యి పట్టుకో. నీ వణుకు తగ్గినాకనే మిషన్ దగ్గరికి పో.’

అక్క వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. ఆఖరి అక్షరాల దగ్గర ఆగి, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుంది.

“గీ అక్షరాలు గిట్ల వంకరవోయినయ్ ఏంది?” అని నా చేతుల వైపు చూసింది. కుర్చీ జరిపి బావ మంచం పక్కన వేసింది.

“మొదలు నువ్వు కూసో తమ్మీ,” అంది.