పగలు నిద్రపోయేవాళ్ళ పంకా

ఇస్నాపూర్‌లో పగలు నిద్రపోయే గదులు చాలా ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు పొద్దున ఇంత తిని, తలుపు దగ్గరికి వేసుకుని పడుకుంటారు. ఆ గదుల్లో పంకా పాడైతే ఆడవాళ్ళు అక్తరీ బేగం కోసం వస్తారు. ఉన్నది ఒక్కటే గది. భర్త బనీనుతో నేల మీద పడి ఉంటాడు, పక్కనే పొయ్యి. అక్కడికి తెలియని మగమనిషిని పిలవడానికి వాళ్ళకు మనసొప్పదు. అక్తరీ బేగం వస్తే ఎవరూ ఏమీ సర్దుకోనక్కర్లేదు.

ఆమెకు యాభై దాటింది. చిన్నవాళ్ళంతా ఖాలా, అంటే పిన్నీ అని పిలుస్తారు. కొంగు తల మీద నుంచి జారకుండా చెవి వెనక్కి దోపుకుని స్టూలు ఎక్కుతుంది. ఈ పని ఆమెకు పటాన్‌చెరులోని పోచయ్య నేర్పాడు. ఆయన మోటార్ల దుకాణం నుంచి రాగి తీగ తెచ్చుకుని ఇంట్లో కాయిల్స్ చుట్టి ఇచ్చేది, పెళ్ళయిన కొత్తలో. ఒకరోజు ఆయన ఆమె చుట్టిన కాయిల్‌ను వెలుగులో పట్టుకుని చూశాడు. "చుట్టుడు వచ్చింది నీకు. ఇగ ఇది తిరుగుతుంటె ఎట్లుంటదో గూడ నేర్చుకో" అన్నాడు. ఒక పాత పంకాను ఆమె ముందు పెట్టి విప్పించాడు. కరెంటు పెట్టకముందు చేత్తో తిప్పాలని చెప్పింది ఆయనే. కళ్ళు మసకబారాక బేరింగులు లాగే తన పుల్లర్‌ను ఆమెకే ఇచ్చేశాడు. ఇప్పుడు ఆయన లేడు. పంకా రెక్క మీద చెయ్యి వేసిన ప్రతిసారీ అక్తరీ బేగం ఆయనను తలుచుకుంటుంది. నమాజు తరువాత అడిగే దువాలో ఆయన పేరు కూడా ఉంటుంది. పోచయ్యకు ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఎండలు ముదిరిన నెలలో శ్రీలత వచ్చింది. రెండు వీధుల అవతల సిమెంటు రేకుల గదిలో ఉంటుంది. భర్త యాదగిరిది లక్డారం ఊరు. ఇనుము కరిగించే ఒక ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు.

"ఖాలా, పంకా తిరుగుతలేదు. తిరుగుతది గని గాలి లేదు. ఐదు మీద పెట్టినా ఒకటి మీద పెట్టినట్టే."

"ఎన్నాళ్ళసంది?"

"ఎండలు మొదలైనకాడి నుంచి. ఆయనకు నిద్రే లేదు." శ్రీలత గొంతు తగ్గించింది. "మొన్న క్రేన్ మీద కన్నంటుకున్నదట. లోడు ఊగింది. కింద మనుషులున్నరు. ఇంకోసారి గిట్లయితె కిందికి దించి హెల్పర్ల పెడ్తమన్నరు."

అక్తరీ బేగం చేతిలోని తీగచుట్టను పక్కన పెట్టింది. సంచీ తీసుకుంది.

గదిలో యాదగిరి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైన అడ్డంగా వేసిన ఇనుప పైపుకు వేలాడుతున్న పంకా తిరుగుతోంది. రెక్కలను లెక్కపెట్టవచ్చు.

"నమస్తే ఖాలా. రెగ్యులేటర్ పోయినట్టుంది. అది మార్చున్రి, అయిపోతది" అన్నాడు.

"చూద్దాం బేటా."

మెయిన్ బంద్ చేయించి ఆమె స్టూలు ఎక్కింది. రెక్కను వేలితో నెట్టింది. బాగున్న పంకా ఆ మాత్రం తోపుకు చాలాసేపు తిరగాలి. ఇది రెండు చుట్లు తిరిగి ఆగింది. చప్పుడు లేదు. అరిగిన బేరింగయితే గరగరమంటుంది. ఇది మెత్తగా, బరువుగా ఆగింది. ఆమె మళ్ళీ నెట్టింది. మళ్ళీ అంతే.

"బేరింగులు చూడాలె."

"బేరింగులకు ఏం కాలే" అన్నాడు యాదగిరి వెంటనే. "అవి నేనే చూసిన. ముందు రెగ్యులేటర్ చూడున్రి."

ఇంటివాడు చెప్పిన వరుసలోనే ఆమె పని మొదలుపెట్టింది. బోర్డు విప్పి, రెగ్యులేటర్ వైర్లు రెండూ ఊడదీసి ఒకదానికొకటి కలిపి టేపు చుట్టింది. ఇప్పుడు మధ్యలో రెగ్యులేటర్ లేదు. మెయిన్ వేయించి స్విచ్ నొక్కింది. పంకా అంతే వేగంతో తిరిగింది.

"దాని తప్పు లేదు" అంది. మెయిన్ తీయించి దాన్ని మళ్ళీ బిగించింది.

తరువాత పంకా మెడ దగ్గరి గిన్నెను జరిపి, మోటారుకు తోపునిచ్చే కండెన్సర్ తీసింది. దానిలో మిగిలిన కరెంటును స్క్రూడ్రైవర్‌తో దించి మీటరు పెట్టింది. దాని మీద రెండున్నర అని రాసి ఉంది. మీటరు ఒకటిన్నరకు కొంచెం పైన చూపింది.

"ఇది బలం తప్పింది. కొత్తది వేస్త."

"దుకాణంల పిలగాడు మూడుది వెయ్యిమన్నడు. ఇంకా జోరుగ తిరుగుతదట."

"దీనికి రెండున్నరే. పెద్దది వేస్తె ఇయ్యాల తిరుగుతది, రేపు కాయిల్ కాలుతది. దుకాణపాయనకేం పోయింది, ఇంకో పంకా అమ్ముకుంటడు."

శ్రీలత నవ్వింది. యాదగిరి నవ్వలేదు.

కొత్త కండెన్సర్‌తో పంకా కొంచెం మెరుగైంది. గోడ మీది క్యాలెండర్ కాగితం కదిలింది. లేవలేదు. మధ్యాహ్నానికి రేకులు కాగితే ఈ గాలి చాలదు. అది గదిలో ముగ్గురికీ తెలుసు.

"విప్పాలె బేటా."

"వద్దు ఖాలా." అతని గొంతు పెరిగింది. "విప్పితె పగలంత పోతది. రాత్రి డ్యూటీ ఉన్నది. ఈ కొంచెం గాలన్న ఉండనియ్యున్రి. బేరింగులు నేనే విప్పిన, గ్రీజు గూడ నేనే పెట్టిన. ఇది ఎంత మొత్తుకునేదో తెలుసా? గరగర, గరగర. గ్రీజు పెట్టిన, సప్పుడు బందయింది."

శ్రీలత అతని వైపు తిరిగింది. "నువ్వెప్పుడు విప్పినవ్?"

"నువ్వు లక్డారం పోయినప్పుడు."

"నాకు చెప్పనే లేదు!"

"చెప్పేదేమున్నది. మా క్రేన్ గేర్లకు పెట్టే గ్రీజు. బజార్ల దొరికేది గాదు."

అక్తరీ బేగం మళ్ళీ మెయిన్ బంద్ చేయించి స్టూలు దిగింది. ఆమెకు ఇప్పుడు అర్థమైంది. కోపం రాలేదు. నిద్ర కోసం ఒక మనిషి తనకు తెలిసిన మంచి వస్తువును తెచ్చి పెట్టాడు.

"నువ్వు ఎక్కు" అంది. "మెయిన్ బందుంది. వేలితో నెట్టి చూడు."

యాదగిరి అయిష్టంగా ఎక్కాడు. నెట్టాడు. రెక్క ఆగింది.

"మీ క్రేన్ గేరు చేత్తో తిరుగుతదా?"

"యాడ తిరుగుతది? మోటారుండాలె."

"ఆ మోటారు ఎంతుంటది?"

అతను రెండు చేతులూ చాపి చూపించబోయాడు. సగంలో చేతులు ఆగాయి. ఎదురుగా ఉన్న పంకా మోటారు డొప్పను చూశాడు. అది ఒక సొరకాయ బుర్రంత ఉంది.

"అయ్యో" అన్నాడు.

"ఏనుగు చెప్పులు కోడిపిల్లకు తొడిగినవ్ గదరా బేటా!"

ఈసారి అతను కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక అడిగాడు. "పొద్దుగూకేలోపు అయితదా ఖాలా?"

"అయితది. అయ్యేదాక నేను ఇంటికి పోను."

ఆమె సమద్‌కు ఫోన్ చేసింది. ఆమె భర్త సమద్ పటాన్‌చెరు దారిలో ఆటో నడుపుతాడు. ఏ బేరింగులు కావాలో చెప్పి, మూత ఉన్నవే తెమ్మంది. "సవారీ ఉంటె దించి రా. జల్దీ" అని పెట్టేసింది.

పంకాను దించారు. రెక్కలు విప్పి మూలకు ఆనించారు. డొప్ప తెరవగానే నల్లటి గ్రీజు వేలికి తీగలా సాగింది. బేరింగులకు ఉండే పల్చటి రేకు మూతలను యాదగిరి గ్రీజు ఎక్కించడానికి పీకేశాడు. అక్తరీ బేగం పోచయ్య పుల్లర్ తగిలించి, మర బిగిస్తూ రెండు బేరింగులనూ ఇరుసు నుంచి మెల్లగా లాగింది. పళ్ళెంలో కిరోసిన్ పోసి కడిగింది. నలుపు పోయి ఉక్కు కనిపించింది. కింది బేరింగు నున్నగా తిరిగింది. పైదాన్ని అతని చెవి దగ్గర తిప్పింది.

గర్ మంది.

"ఇదే గద అప్పటి సప్పుడు" అన్నాడు యాదగిరి.

"ఇదే. యాడికి పోలే. అరిగి గుంటలు పడ్డది. నీ గ్రీజు దీని నోరు మూసింది, అంతే. మూత లేదు గదా, దుమ్ము గూడ పోయింది లోపటికి."

అతను ఆ బేరింగును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

పంకా లేని గది ఉడికిపోతోంది. శ్రీలత నేల మీద నీళ్ళు చల్లింది. యాదగిరి గడపలో కూర్చున్నాడు. తల ముందుకు వాలుతోంది, మళ్ళీ లేస్తోంది. ఆ వాలడం చూస్తూ అక్తరీ బేగం డొప్ప తుడిచింది. వీధిలో ఆటో చప్పుడైంది. సమద్ లోపలికి రాకుండా చిన్న కాగితపు పొట్లం అందించాడు. "చాయ్ తాగినవా?" అని భార్యను అడిగాడు. ఆమె లేదని తల ఊపింది. అతను వెళ్ళి చాయ్ తెచ్చిచ్చి, అప్పుడు ఆటో తిప్పుకుని పోయాడు.

కొత్త బేరింగులను ఇరుసుకు తొడిగి, లోపలి చుట్టు మీదే ఆనేలా ఇనుప గొట్టం పెట్టి సుత్తితో సమంగా తట్టి కూర్చోబెట్టింది. డొప్ప మూసింది. పంకాను పైకెత్తి, బోల్టుకు పిన్ను వేసి వంచింది. రెక్కలు బిగించింది. రెక్కను వేలితో నెట్టి చెయ్యి తీసేసింది. అది తిరిగింది. ఇంకా తిరిగింది. ముగ్గురూ తలలెత్తి చూశారు. ఆగడానికి దానికి తొందర లేదు.

స్విచ్ వేశారు. క్యాలెండర్ గోడ మీద నుంచి లేచి కొట్టుకుంది.

"నేను పండుకోను ఖాలా. జెర చూస్త, ఎట్ల తిరుగుతదో..." అంటూ యాదగిరి తడి నేల మీద వెల్లకిలా ఒరిగాడు. ఇంకేదో అనబోయాడు. ఆ మాట పూర్తి కాలేదు.

శ్రీలత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పని అయ్యాక పంకాను కొంతసేపు నడిపి, ఆపి, డొప్పను ముట్టుకుని వేడి చూడటం అక్తరీ బేగం పద్ధతి. ఆ రోజు ఆపలేదు. పని పూర్తి కాలేదు కాబట్టి వెళ్ళలేదు కూడా. బయట నీడలో శ్రీలతతో కూర్చుంది. ఇద్దరూ మెల్లగా చిక్కుడుకాయలు తుంచారు. లోపల గాలి చప్పుడు, దాని కింద ఒక మనిషి గురక. కాయలు అయిపోయాక వింటూ కూర్చున్నారు.

సాయంత్రం అతను లేచాక పంకా ఆపి ముట్టుకుంది. గోరువెచ్చగా ఉంది. అంతే ఉండాలి. "ఇగ పోతున్న" అంది. యాదగిరి ఆమె సంచీ తీసుకుని వీధి మలుపు దాకా మోసుకొచ్చాడు.

మరునాడు పొద్దున ఆమె వాకిట్లో ఒక కొత్త మనిషి నిలబడ్డాడు. ఫ్యాక్టరీ బూట్లు, భుజం మీద తువ్వాల.

"నా పేరు నర్సింగ్ అమ్మా. యాదగిరి క్రేన్ కింద లోడుకు గొలుసులు కట్టేది నేనే."

"పంకా ఏమైంది?"

"పంకాకేం కాలే." అతను తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు. "మొన్న లోడు ఊగింది నా నెత్తి మీదనే. అప్పటిసంది రాత్రంత పైకి చూసుకుంటనే పని చేసిన. నిన్న పోంగనే యాదగిరి చెప్పిండు, మంచిగ నిద్రపోయిన అని. నేను నమ్మలే. ఇంక లోడు దిగింది చూడున్రి, గిలాసల నీళ్ళు పెట్టినా తొణకది. తెల్లారేదాక గట్లనే దించిండు. నేను పైకి చూసుడే మర్చిపోయిన." అతను ఆగాడు. "ఇంటికి పోయే తొవ్వనే గదా, ఒక మాట చెప్పిపోదామని వచ్చిన."

అక్తరీ బేగం పీట జరిపింది. "కూర్చో బేటా, చాయ్ పెడ్త" అంది. ఆమెకు పోచయ్యతో ఈ మాట చెప్పాలనిపించింది.

"వద్దమ్మా. తాగితె నిద్ర పట్టది" అన్నాడు నర్సింగ్. నమస్తే పెట్టి, పడుకోవడానికి ఇంటికి వెళ్ళాడు.