ఆగిపోయిన పొద్దుటి మెసేజ్

ఇదివరకు ఆమె పొద్దున్నే ఫోన్ చూసుకున్నాకే బకెట్ ఎత్తేది. ఇప్పుడు బకెట్ ముందు పెట్టుకుని ఫోన్ వంక చూస్తూ కూర్చుంటోంది. వారమైంది, మెసేజ్ లేదు.

ఆ మెసేజ్ పంపే ప్రోగ్రాం ఆమె భర్త రాసిందే. పొద్దున్నే వాతావరణం చూసి, "ఈ రోజు వాన లేదు. బట్టలు ఆరెయ్యి. నా నీలం చొక్కా నీడలో" అనేది. వానొచ్చేలా ఉంటే మొదటి రెండు మాటలే మారేవి. చొక్కా మాట మాత్రం ఎప్పుడూ అదే. సరిగ్గా ఆరింటికని పెట్టాడు గానీ, ఏనాడూ ఆరింటికి రాలేదు.

"మీ ప్రోగ్రాం కూడా మీలాగే ఆలస్యం" అని ఆమె దెప్పేది.

"దీన్ని నడిపే కంపెనీ కంప్యూటర్లకి లోకమంతా గంట కొట్టగానే పని చెబుతుందే! క్యూలో మన వంతు రావొద్దూ?" అని నవ్వేవాడు.

ఆయన పోయాక కూడా మెసేజ్ వస్తూనే ఉంది. మనిషి లేడని దానికేం తెలుసు? ఆమె కూడా తెలియనట్టే, మాయని చొక్కాను రోజూ తడిపి, వరండా నీడలో ఆరేసేది.

చివరికి మరిదిని పిలిచింది. అతనిదీ ప్రోగ్రాంలు రాసే పనే. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు.

"పాడైందేమీ లేదొదినా. అన్నయ్య దీన్ని ఆ కంపెనీ వాళ్ల దగ్గర, అందరికీ కనబడే రిపోజిటరీలో, అంటే ప్రోగ్రాంలు దాచుకునే చోట పెట్టాడు. అందులో రెండు నెలలు ఎవరూ ఏ మార్పూ చేయకపోతే, ఇలా వేళకి నడిచే పనుల్ని వాళ్లే ఆపేస్తారు."

"చెప్పకుండానేనా?"

"మెయిల్ పంపి ఉంటారు." గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యకి."

ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకూ అందులో రాసే వీలుంది. ఒక చిన్న సవరణ కూడా చేయాల్సి ఉండింది. అన్నయ్య చేత్తో రాసింది అలాగే ఉండాలని ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే కొంప ముంచింది."

"నేను మాత్రం? ఆయన కంప్యూటర్ మీద ఎవరి చెయ్యీ పడనిచ్చానా?"

"ఇదుగో, ఈ బటన్ నొక్కితే మళ్లీ మొదలవుతుంది. అప్పుడప్పుడూ ఏదో ఒకటి మారుస్తూ ఉంటే ఇక ఆగదు. ఆ పని నేను చూసుకుంటాగా." బటన్ మీదికి బాణం తెచ్చి, తల తిప్పాడు. వరండాలో చొక్కా కనిపించింది. కాలర్ పీచులు పీచులుగా లేచింది. భుజాల దగ్గర నీలం వెలిసి, బట్టలోంచి అవతలి గోడ కనబడుతోంది. తెర మీది వాక్యాన్ని మరోసారి చదువుకున్నాడు.

"వదినా, పోనీ ఆ చొక్కా మాట తీసేసి పెట్టనా?"

"ఆయన రాసింది నువ్వు దిద్దకయ్యా."

"అయితే ఉన్నదున్నట్టే నొక్కుతా."

"వద్దు." లేచి వెళ్లి దండెం మీంచి చొక్కా తీసుకుంది. వారం కిందట ఆరేసింది అలాగే ఉంది. "అది చెబితే నేను ఉతక్కుండా ఉండలేను. ఇంకో నాలుగు ఉతుకులకి ఇదీ మిగలదు."

"మరి?"

"ఆగిందిగా, అలాగే ఉండనీ."

అతను బాణాన్ని బటన్ మీంచి పక్కకి జరిపాడు. నొక్కలేదు.