మే నెల ఏటవాలు

జ్వరం చార్టు ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, దాన్ని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆసుపత్రిలో మంచం పక్కన వేలాడే ఆ గీతల కాగితమే మా ఆఫీసరు బుర్రలో దూరింది. అక్కణ్ణించి నా చేతికొచ్చింది.

యుద్ధం రోజులు. నరసరావుపేటలో బియ్యం రేషను. నేను సప్లయి ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. మూడు నెలలకోసారి నా ఉద్యోగం పొడిగిస్తూ ఆఫీసరు సంతకం పెట్టాలి. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. ఆ సంతకం కోసం నేను ఆయన చెప్పుల చప్పుడు వింటూ బతికేవాణ్ణి.

తలకు రోజుకు ఎన్ని ఔన్సుల బియ్యమో పైనుంచి ఆర్డరు వచ్చేది. ఫలానా తేదీ నుంచి ఇంత అని. ఇంకో ఆర్డరు వచ్చేదాకా అంతే, మధ్యలో గింజ పెరగదు, గింజ తగ్గదు. ఏప్రిల్ ఒకటి నుంచి ఎనిమిది ఔన్సులన్నారు. జూన్ ఒకటి నుంచి పన్నెండన్నారు. ఏప్రిల్, మే రెండు నెలలూ జనం ఎనిమిదితోనే కడుపు మాడ్చుకున్నారు. మా ఇంట్లో కూడా అంతే, నాకు బాగా తెలుసు.

జూన్‌లో కలెక్టరు వస్తున్నాడని, ఏడాది పొడుగునా రేషను ఎప్పుడెంతో ఒక్క చూపులో తెలిసేట్టు చార్టు గీయమన్నాడు ఆఫీసరు. కాగితం దొరికే రోజులా అవి? పాత పటం ఒకటి తిరగేసి, దాని వీపున గీశాను. అడుగున తేదీలు, పక్కన ఔన్సులు. ఆర్డరు తేదీ దగ్గర చుక్క పెట్టి, తరవాతి ఆర్డరు తేదీ దాకా గీత అడ్డంగా లాక్కుపోయాను. ఆ తేదీ రాగానే నిలువుగా పైకో కిందికో. మళ్ళీ అడ్డంగా. మెట్లలాగా వచ్చింది. ఏ తేదీ మీద వేలు పెట్టినా ఆ రోజు నిజంగా ఇచ్చిందే కనిపిస్తుంది. నాకు ముచ్చటేసింది కూడా.

ఆఫీసరు చూసి మొహం చిట్లించాడు.

"ఏందయ్యా ఇది, దంతాలూడిన నోరులాగా! మా వాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో చూళ్ళేదా? చుక్క నుంచి చుక్కకి సాఫీగా గీత పోవాల."

"జ్వరం మధ్యలో కూడా ఉంటదండీ, మెల్లగా ఎక్కుద్ది. రేషను అట్టా కాదు గదా. ఆ తేదీ దాకా ఎనిమిదే, ఆ రోజు పొద్దున పన్నెండు."

"చుక్కలు సరిగ్గా ఉన్నయ్యా లేవా? ఉంటే కలుపు."

కలిపాను. ఏప్రిల్ ఒకటి దగ్గర ఎనిమిది, జూన్ ఒకటి దగ్గర పన్నెండు, ఆ రెంటి మధ్య నున్నగా ఏటవాలు గీత. చేతకాక చేసిన తప్పు కాదది. తెలిసి చేసిందే. చార్టు కలెక్టరుకి తెగ నచ్చిందట. ఆఫీసరు సంతకంతో ఒకటి గోడకెక్కింది, దాని నకలు గుంటూరు వెళ్ళింది. నా మూడు నెలలు పొడిగించారు.

స్టేషను రోడ్డులో మాకొక రేషను డిపో ఉండేది. అరవై దాటిన సాయిబు గారు నడిపేవారు. తూచేటప్పుడు తక్కెడ కింద గోనె పరిచేవారు. దాని మీద రాలిన గింజలు ఊడ్చి, వరసలో తరవాత ఎవరుంటే వాళ్ళ సంచిలో పోసేవారు. మా పిల్లలు ఆయన్ని తాతా అనేవాళ్ళు.

జూలైలో ఎవరో అర్జీ పెట్టారు, మే నెలలో సాయిబు తక్కువిచ్చాడని. ఆకలేసిన వాడికి ఇచ్చింది తక్కువే అనిపిస్తుంది, అర్జీ పెట్టినవాణ్ణి నేనేమీ అనను. గుంటూరు నుంచి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చంకలో నా చార్టు నకలు. మే ఒకటో తారీఖు మీద స్కేలు నిలబెట్టాడు. ఏటవాలు గీత దాదాపు పది ఔన్సుల దగ్గర తగిలింది. సాయిబు రిజిస్టరులో ఎనిమిది. తలకు రోజుకు రెండు ఔన్సులు మింగాడు, బ్లాకులో అమ్మాడు అని తేల్చేశాడు! ఉన్న కార్డులతో గుణిస్తే బస్తాలకు బస్తాలు తేలాయి.

సాయిబు గారిని ఆఫీసుకు పిలిపించారు. ఆయన ఆర్డరు కాగితాలు రుమాల్లో చుట్టుకుని తెచ్చారు.

"హుజూర్, పది అని ఏ ఆర్డరులో ఉంది? ఒక్కటి చూపించండి. మే నెలంతా తమరు నాకిచ్చిన బస్తాలే ఎనిమిది లెక్కన. లేని బియ్యం నేనెట్టా మింగేది?"

ఆ బస్తాలకు మేము రాసిచ్చిన పర్మిట్ల కట్ట నా వెనక బీరువాలోనే ఉంది. నేను లేచాను. ఆఫీసరు నా వంక చూసి, "నువ్వు కూచో" అన్నాడు. కూచున్నాను.

ఇన్‌స్పెక్టరు మంచినీళ్ళకని బయటికి పోయినప్పుడు ఆఫీసరు దగ్గరికెళ్ళి, తప్పు మన చార్టుదేనండీ అని గొణిగాను. ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "చార్టు తప్పంటే, కలెక్టరుకి తప్పు చార్టు చూపించామని రాయాల. ఎవరు రాస్తారు? నువ్వు రాస్తావా?"

నేను రాయలేదు.

ఆగస్టులో లైసెన్సు రద్దయింది. కోర్టు దాకా లాగలేదు, అది తన దయ అని ఆఫీసరు చెప్పుకున్నాడు. నిన్నటిదాకా సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్ళే వెళ్ళి, "మా నోటికాడ కూడు తిన్నావు గదరా" అని సాయిబు గారి గుమ్మం ముందు ఉమ్మారు. డిపో ఇంకొకరికిచ్చారు.

సెప్టెంబరు ఒకటి నుంచి రేషను మళ్ళీ ఎనిమిదికి తగ్గించారు. గోడ మీది చార్టు పొడిగించాలి. పెన్సిలు పట్టుకుని జూన్ చుక్క నుంచి సెప్టెంబరు చుక్కకి ఏటవాలుగా దించబోతుంటే ఆఫీసరు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకప్పుడు వెలిగింది. అట్లా దించితే జూలై నడుమ పది అని చూపిస్తుంది. మేము పర్మిట్లిచ్చిందేమో పన్నెండు లెక్కన. ఆడిటు వాళ్ళు స్కేలు పెడితే, ఎక్కువ బియ్యం పంచింది సాక్షాత్తూ ఆఫీసే అవుతుంది!

"ఇక్కణ్ణించి నువ్వప్పుడు గీశావే, మెట్లు, అట్టా గీయి."

"మరి మే నెలదండీ?"

"అయిపోయిందాని జోలి ఎందుకు? అట్టాగే ఉండనీ."

గీశాను. జూన్ దాకా ఏటవాలు, అక్కణ్ణించి మెట్లు. ఒకే కాగితం, ఒకే చెయ్యి. నేనింత సిగ్గులేని బొమ్మ మళ్ళీ గీయలేదు.

ఆ వారంలోనే సాయిబు గారు లైసెన్సు పుస్తకం అప్పగించడానికి వచ్చారు. మనిషి సగమయ్యాడు. నేను రసీదు రాస్తుంటే ఆయన గోడ దగ్గర నిలబడి చార్టు చూస్తున్నారు. చాలాసేపు చూశారు. తరవాత వేలితో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గీతను తడిమి, వేలు వెనక్కి తెచ్చి మే నెల మీద ఆపారు.

"ఇవి తమరే గీశారా బాబూ?"

"నేనే."

"రెండూ?"

"రెండూ."

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"ఇక్కడ మెట్లేసినట్టు, మే నెలకు కూడా ఒక మెట్టు వెయ్యరాదా? లైసెన్సు నాకొద్దు. ఊళ్ళో జనానికి చూపించుకుంటా."

ఆఫీసరు గది తలుపు తెరిచే ఉంది. నా పొడిగింపు కాగితం సంతకం కోసం ఆయన బల్ల మీదే ఉంది. పెన్సిలు నా చెవి మీద ఉంది. రబ్బరు సొరుగులో ఉంది.

"దానికి ఆర్డరు రావాలి సాయిబు గారూ" అన్నాను.

ఆయన రసీదు మడిచి రుమాల్లో పెట్టుకుని, నాకు సలాం చేసి వెళ్ళిపోయారు.