వెనక సీటు లెక్క

ఆ మెకానిక్ మీద నాకు ఇప్పటికీ మండుతుంది. నా మీద అంతకంటే ఎక్కువ మండుతుంది.

అప్పుడు లాల్‌పేట్‌లో ఉండేవాళ్లం. నేను గనిలో పనిచేసేవాణ్ణి, కాస్త భారీ మనిషిని. మా ఆవిడ రాజురా ఊరి పక్కన ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది. రోజూ నా బండి మీదే దింపేవాణ్ణి. బొగ్గు లారీలు నాశనం చేసిన రోడ్డు అది. గుంత వచ్చిన ప్రతిసారీ వెనక షాకబ్జర్లు పూర్తిగా అణగిపోయి టక్కున కొట్టుకునేవి. ఆ దెబ్బంతా ఆమె నడుముకే. చివరికి డాక్టరు బండి ఎక్కడం మానమన్నాడు. బస్సులు ఆమె క్లాసు వేళకు కుదరవు. అంటే పని మానడమే.

మూడుసార్లు మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను ప్రతిసారీ సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద గీసిన గీత దాకా కొలిచేవాడు. యాభై ఐదు సెంటీమీటర్లు. స్టాండ్ తీసి నన్ను కూర్చోబెడితే యాభై ఒకటిన్నర. మూడున్నర దిగింది, బరాబర్ ఉంది పొమ్మనేవాడు. మా ఆవిడ రోడ్డు అవతల నిలబడి ఉండేది. గ్యారేజీలోకి ఆడవాళ్లు రావడం మా దగ్గర అలవాటు లేదు. అక్కడ నిలబడమన్నది నేనే.

నాలుగోసారి ఆమె రోడ్డు దాటి వచ్చేసింది. సంచిలోంచి కుట్టు టేపు తీసి అతని చేతిలో పెట్టింది.

"నేను కూసున్నంక కొలువున్రి."

నడిపేవాడి బరువే చూడాలని అతను నసిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ బండి మీద రోజూ ఇద్దరం పోతుంటే ఒక్కడి బరువుకి బిగించి ఏం లాభమని అరిచాను. అందరూ చూశారు. చూడనీ.

ఇద్దరం కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చున్నాం. అతని పనివాడు ముందు హ్యాండిల్ పట్టుకున్నాడు. నలభై ఎనిమిది. మొత్తం పది సెంటీమీటర్లు అణగే షాకబ్జర్లలో, మేం కూర్చోగానే ఏడు అయిపోయాయి. గుంతలకు మిగిలింది మూడు.

అతను స్ప్రింగ్ కింది రింగును రెండో మెట్టు నుంచి ఆఖరి మెట్టుకు తిప్పాడు, రెండు వైపులా ఒకేలా. ఈసారి నలభై తొమ్మిదిన్నర. ఇంకా ఎక్కువే దిగుతోంది. రింగు తిప్పితే బండి లేస్తుంది గానీ స్ప్రింగ్ గట్టిపడదని, గట్టి స్ప్రింగులు వేయాల్సిందేనని అప్పుడు ఒప్పుకున్నాడు. వారంలో వేశాడు. ఒక్కణ్ణే పోయేటప్పుడు రింగు తగ్గించుకోమన్నాడు. ఆమె పని పోకుండా నిలిచింది.

కొలత తీసిన రోజు టేపు చుట్టుకుంటూ ఆమె మెల్లగా అంది:

"ఇన్నేండ్ల సంది గా సీటు మీద నన్ను ఎవ్వరు లెక్కవెట్టలే."

నేను మెకానిక్ వైపు కోపంగా చూశాను. ఆమె మాత్రం నన్నే చూస్తోంది.