స కింద చెరుకు

చెరుకును స కింద రాసుకుందని ఒక పిల్లను చూసి క్లాసంతా నవ్విన రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిజామాబాద్‌లో వ్యవసాయ డిప్లొమా చదివేటప్పుడు కోటగిరి పిల్ల ఒకతి నా రూమ్మేటు. పుస్తకం చూసి రాసే పరీక్షకు ఇద్దరం కలిసి నోట్సు సిద్ధం చేసుకున్నాం. ముందు పేజీలకు నంబర్లు వేశాం. విత్తనం, ఎరువు, చీడ, తెగులు, ఒక్కో భాగానికి ఒక్కో రంగు చీటీని ఒకదాన్నొకటి కప్పకుండా మెట్లు మెట్లుగా అంచున అంటించాం. మొదటి పేజీల్లో అక్షరాల వరుసన సూచిక. చెరుకు, చీడ, చల్లుడు తన నోటికి వచ్చినట్టే సెరుకు, సీడ, సల్లుడు అని స కింద రాసుకుంది. వెతికేది తనే కదా, ఏ మాట ముందు మెదులుతుందో అదే ఉండాలి.

పరీక్ష ముందు రోజు హాల్లోకి తీసుకుపోయే నోట్సు మీద సంతకం పెట్టే సారు ఆ సూచిక పేజీని గట్టిగా చదివి క్లాసును నవ్వించాడు. ఎర్ర పెన్నుతో పేజీ మొత్తం కొట్టేసి, ఆ మాటలను చ కింద పెట్టి సూచికంతా కొత్తగా రాయించి మరీ సంతకం పెట్టాడు. నోరు తెరిస్తే నా నోట్సూ ఆపుతాడని ఊరుకున్నాను.

మర్నాడు చెరుకు ఎర్రకుళ్లు తెగులుకు ముచ్చెలను, అంటే నాటే గడ ముక్కలను, ఏ మందులో, ఎంత మోతాదులో ముంచాలని అడిగారు. తెగులు ఆమెకు తెలుసు, మోతాదే చూసుకోవాలి. కంగారులో స తీసింది. సజ్జ ఉంది, సోయా ఉంది, సెరుకు లేదు. ఎ తీసింది, ఎర్రకుళ్లు విడిగా రాసుకోలేదు. తెగుళ్ల చీటీ పట్టి వరి, మొక్కజొన్న, పసుపు పేజీలన్నీ తిప్పుతుండగానే గంట కొట్టారు. ఆ ఒక్క జవాబుకే తప్పింది. పాసైతే రుద్రూర్‌లో పొలం శిక్షణకు పంపేవాళ్లు.

ఆమె తప్పిన పరీక్ష మళ్లీ పెట్టినప్పుడు తన నోట్సు పట్టుకుని ఇద్దరం సారు దగ్గరికి పోయాం. స కింద, చ కింద రెండు చోట్లా పేజీ నంబరు వేసుకోమని నేను చెబితే వినలేదు. స కింద సెరుకు, అంతే. సారు పెన్ను ఎత్తాడు.

"గది కొట్టెయ్యకుండ్రి సార్. గా హాల్ల ఎతికేది నేను, మీరు కాదు," అంది.

గొంతు పెంచలేదు. నేనైతే అరిచేదాన్ని. సారు పెన్ను దించి సంతకం పెట్టాడు.

ఈసారి చెరుకు ప్రశ్నే మొదట వచ్చింది. కిటికీ బయట నిలబడి చూశాను, పేపరు అందిన నిమిషానికే ఆమె పేజీ తీసి రాస్తోంది. పాసైంది. అయితే ఏం లాభం, రుద్రూర్ బ్యాచ్ అప్పటికే వెళ్లి శిక్షణ ముగించుకుని వచ్చేసింది. ఆమె తప్పడంతో ఖాళీ అయిన చోటుకు పంపింది నన్నే.