చెప్పులు విడిచే చోటు వరకే

అడగడం నాకు రాదు. నోరు పెద్దదే కానీ ఆ నోరు కొట్లాటకు పనికొస్తుంది, చందాకు పనికిరాదు. అయినా ఆ ఏడు మా లేడీస్ హాస్టల్ బతుకమ్మకు స్పాన్సర్‌ను పట్టుకొచ్చే పని నాకే అంటగట్టారు. అప్పటికి నేను పీహెచ్‌డీలో పడి మూడేళ్ళు, అంటే హాస్టల్లో పెద్దదాన్ని. మైకు సెట్టుకూ, పూలకూ, ప్రసాదం మలీద ముద్దలకూ ఎవరైనా ఖర్చు పెట్టుకుంటే గానీ పండగ గట్టెక్కేలా లేదు.

నా రూమ్మేట్‌ను తోడు తీసుకుని తార్నాక మీద పడ్డాను. బతుకమ్మకు చందా అడగడంలో ఒక చిక్కుంది. అది వినాయకుడి వెనకాలే వస్తుంది. అప్పటికే గల్లీ గల్లీ మండపాల వాళ్ళు వచ్చి దుకాణాలను పిండుకుని పోయి ఉంటారు. "మొన్ననే గణేశునికి ఇచ్చినం బిడ్డా, దేవుళ్ళందరికీ మేమేనా?" అన్నాడు స్వీట్ షాపాయన. ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక తలా ఒక మైసూర్‌పాక్ ముక్క పెట్టాడు. దాన్ని నములుతూనే ఇంకో రెండు దుకాణాల్లో లేదనిపించుకున్నాం.

ఒక మందుల దుకాణం పక్క నుంచి పైకి ఇరుకు మెట్లు కనిపించాయి. రోజూ అదే దారిన పోతున్నా ఆ మెట్లున్నాయని నాకు తెలియదు. పైన మ్యాచింగ్ సెంటర్. చీరలకు సరిపడే జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్స్ అమ్మే కొట్టు. లోపల నేలంతా తెల్లటి పరుపులు పరిచి ఉండటంతో చెప్పులు మెట్ల మీదే విడిచాం. అక్కడున్నవి మా రెండు జతలే. దుకాణమంతా రంగురంగుల తానులు నిండి ఉన్నాయి, మనుషులే లేరు. ఒక నడివయసాయన, ఆయన భార్య. మమ్మల్ని చూసి ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. కొనడానికి రాలేదని చెప్పడానికి నాకు నిజంగా బాధేసింది.

వాళ్ళది గుడివాడ వైపు. ఆయన కాచిగూడలో బట్టల దుకాణంలో చాలా ఏళ్ళు పనిచేసి, ఉన్నదంతా ఊడ్చి ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడట.

"కింద గది దొరికినా అద్దె తట్టుకోలేకపోయామమ్మా. పైన పెడితే ఎవరూ తలెత్తి చూడట్లేదు. ఈ దసరా సీజన్ చూస్తాం. అప్పటికీ ఇంతేనంటే మూసేసి మళ్ళీ కాచిగూడ పోవడమే" అన్నాడు నవ్వుతూనే. ఆవిడ మాత్రం నవ్వలేదు.

నేను పక్కనున్న రూమ్మేట్‌ను మోచేత్తో పొడిచాను. నా రూమ్మేటే విషయం చెప్పింది. ఆయన ముఖం విప్పారింది. "అంతా ఆడపిల్లలేనా? అయితే ఇస్తానమ్మా. వినాయకుడి వెనకాల కడతారు చూడండి, అలా మీ బతుకమ్మ వెనకాల మా ఫ్లెక్సీ కట్టండి చాలు."

అక్కడ నా నోరు లేచింది. "అది మాత్రం కుదరదండి. గౌరమ్మ దగ్గర దుకాణం పేరుండదు."

మా వార్డెన్ మేడం పెట్టిన షరతు కూడా అదే. వరంగల్ ఆవిడ, చరిత్ర ప్రొఫెసర్. బతుకమ్మ కాడ బోర్డులు గానీ, పాటల నడుమ మైకులో పేర్లు గానీ వినిపిస్తే పర్మిషన్ వాపసు అని ముందే చెప్పింది.

"గుళ్ళో వద్దంటే అర్థం చేసుకుంటాను. మరి ఇక్కడ గుడి ఎక్కడుంది?" అని అడిగాడాయన. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక. వాళ్ళ వైపు బతుకమ్మ లేదు. ఆలోచిస్తే ఆయన అడిగిందీ నిజమే. బతుకమ్మకు గోడల్లేవు, గడపా లేదు. ఎక్కడ దించితే అక్కడే గుడి. నీళ్ళలో వదిలాక అక్కడ మళ్ళీ ఉత్త నేలే.

"మేం చెప్పులు విడుస్తం కదా, అక్కడికెల్లి గుడి అనుకోండి. చెప్పుల ఇవతల మీ ఇష్టం, అవతల మాత్రం వద్దు" అన్నాను.

ఆయనకు ఆ లెక్క నచ్చింది. ఫ్లెక్సీ హాస్టల్ గేటుకు లోపలి వైపు, ఎందుకంటే రోడ్డు మీద కడితే జరిమానా. దీపం పెట్టకముందు మైకులో ఒక్కసారి ధన్యవాదాలు. పోస్టరు మీద అడుగున పేరు. ఇంతే ఒప్పందం. మెట్లు దిగుతుంటే ఆవిడ వెనక నుంచి, "మమ్మల్నీ రమ్మంటారా?" అని అడిగింది. రమ్మనకుండా ఎట్లా ఉంటాం. వార్డెన్ మేడంకు ఆ చెప్పుల లెక్క చెబితే ఆవిడా సరేనంది.

చివరి రోజు సద్దుల బతుకమ్మకు అందరూ ఊళ్ళకు పోతారు కాబట్టి మేం హాస్టల్లో కొంచెం ముందే ఆడతాం. ఆ రోజు పొద్దంతా ఎండ కాసింది. తంగేడు, గునుగు, బంతి, సీతజడలు పళ్ళాల్లో పేర్చి, గునుగుకు రంగులద్ది, సాయంత్రానికి అన్నింటినీ వాలీబాల్ కోర్టులో దించాం. పసుపు గౌరమ్మను పైన పెట్టాం. చెప్పులన్నీ కోర్టు అంచున వదిలాం. గేటుకు ఫ్లెక్సీ నిగనిగలాడుతోంది. నేను ధన్యవాదాలు చెబుదామని మైకు అందుకున్నానో లేదో, మబ్బు కమ్మి వాన దంచడం మొదలుపెట్టింది.

గునుగు రంగు కారిపోతోంది. గౌరమ్మ కరుగుతోంది. పిల్లలు చున్నీలు కప్పి అరుస్తున్నారు. టార్పాలిన్ కోసం చుట్టూ చూస్తే గేటు దగ్గర కనబడింది నాకు. నలుగురం పరుగెత్తి ఫ్లెక్సీ విప్పుకొచ్చాం. రెండు మూలలు వాలీబాల్ స్తంభాలకూ, రెండు మూలలు వేప కొమ్మలకూ కట్టాం. పేరున్న వైపు ఆకాశానికి, తెల్లటి వెనక వైపు గౌరమ్మకు. నీళ్ళు జారిపోయేలా ఒక పక్క కిందికి వంచాం. వార్డెన్ మేడం గొడుగుతో వచ్చి కింద నుంచి తొంగి చూసింది. తెల్లగా ఉంది, అక్షరం లేదు. "మంచి పని చేసిన్రు" అంది. నేను పొంగిపోయాను. అంత తెలివి నాకే తట్టిందని నాకే ముచ్చటేసింది.

వాన తుంపరకు దిగగానే దీపం వెలిగించి పాట ఎత్తుకున్నాం. స్తంభాలూ చెట్లూ లోపలికి వచ్చేలా పెద్ద వలయం కట్టి తడుస్తూనే ఆడుతున్నాం. కాసేపటికి పై అంతస్తుల బాల్కనీల నుంచి నవ్వులు మొదలయ్యాయి. మా ఆట చూసి మురిసిపోతున్నారనుకుని నేను ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాను. రూమ్మేట్ వచ్చి నన్ను వలయంలోంచి లాగి ఫోను చూపించింది.

పై నుంచి తీసిన వీడియో. నట్టనడుమ మ్యాచింగ్ సెంటర్ అని ఇంతింత అక్షరాలు, కింద ఫోన్ నంబరు. బతుకమ్మలు కనబడటమే లేదు. ఆ ఫోన్ నంబరు చుట్టూ మేమంతా భక్తితో వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతున్నాం. కింద ఎవరో "మ్యాచింగ్ సెంటరమ్మ ఉయ్యాలో" అని రాశారు. అప్పటికే అన్ని హాస్టళ్ళ గ్రూపులకూ ఎక్కింది.

వార్డెన్ మేడం ఫోనుకూ వచ్చింది. "చెప్పులకాడి దాకనే అన్నవ్ కద. ఇదేంది మరి?"

"కిందికెల్లి చూస్తే ఏం కనిపిస్తలేదు మేడం."

"చూసేటోళ్ళందరు పైన ఉన్నరమ్మా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విప్పితే గౌరమ్మ తడుస్తుంది. తిప్పి కడితే ఆ పేరు ఏకంగా ఆమె నెత్తి మీదే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే భార్యాభర్తలిద్దరూ స్కూటీ దిగి వచ్చారు. గేటు బోసిగా ఉండటం చూసి ఆయన ముఖం చిన్నబోయింది. నేను ఫోను చేతికిచ్చాను. ఆయన చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"ఎంతమంది చూసుంటారమ్మా?"

"క్యాంపస్ అంతా."

"మా కొట్టు పేరు ఇంతమంది చదవడం ఇదే మొదటిసారి" అన్నాడు మెల్లగా. ఆ గొంతులోని సంతోషం విన్నాక ఫ్లెక్సీ తీస్తామని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆవిడ తొంగి చూసింది. "ఇదేమిటండీ, అమ్మ పీట మీద మనమెక్కి కూర్చున్నాం" అంది.

ఆయన ఫోను నాకిచ్చేసి స్కూటీ ఎక్కాడు. కోపమొచ్చి పోయాడనే అనుకున్నాను. రెండు పాటలయ్యేసరికి తిరిగి వచ్చాడు, భుజం మీద పసుపుపచ్చ లైనింగ్ తానుతో. కోర్టు అంచున చెప్పులు విడిచి, బురదలోనే నడిచి వచ్చి స్టూలడిగాడు. తాను విప్పుతూ ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ పక్కనే ఇంకో వరస, తన పేరు మీద తానే పరిచాడు. అంచులకు పిన్నీసులు పెట్టాడు. పై నుంచి పిల్లలు, "ఇంకొంచెం ఎడమకు అంకుల్, నంబరు కనిపిస్తున్నది" అని చెబుతుంటే అటు జరిగి అదీ కప్పాడు. దుకాణంలో కొలిచి కత్తిరించి అమ్మాల్సిన కొత్త గుడ్డ వానకు తడిసి ముద్దయింది.

ఆవిడ అప్పటికే వలయంలో ఉంది. అడుగు తెలియక ఒక చప్పట వెనకాల పడుతూ, నవ్వుతూ తిరుగుతోంది.

నాకు మాత్రం మనసు కుదురుగా లేదు. గేటుకు ఫ్లెక్సీ లేదు. వాన గొడవలో మైకులో ధన్యవాదాలు చెప్పనే లేదు, పాటలు మొదలయ్యాక చెప్పకూడదు. ఆయన తన మాట మీద నిలబడ్డాడు, పోస్టరు అడుగున పేరు తప్ప మేం ఇస్తామన్నదేదీ ఆయనకు దక్కలేదు. సీజన్ పోతే కొట్టు మూత అన్న మాట ప్రతి చప్పటకూ గుర్తొస్తూనే ఉంది.

హాస్టల్ వెనక గుంత వాననీళ్ళతోనే నిండింది. బతుకమ్మలను అందులో వదిలి, పసుపు పూసుకుని, మలీద పంచుకుని అందరం తిరిగి వచ్చాం. కోర్టు అంచున తడిసిన చెప్పుల కోసం ఒకటే తోపులాట. అప్పుడు తట్టింది నాకు. చెప్పుల ఇవతల మీ ఇష్టం అన్నది నేనే కదా. మైకు లాక్కుని స్టూలెక్కాను.

"ఒక్క మాట వినుర్రి. ఇయ్యాల గౌరమ్మ తడవకుండ ఉన్నదంటే ఈ అన్నవల్ల. ఆయన పేరు మీద ఆయనే గుడ్డ కప్పుకున్నడు. తార్నాకల, మందుల దుకాణం పక్కకెల్లి మెట్లున్నయి. ఒక్కసారి తలెత్తి చూడుర్రి."

ఆయన చేతిలో చెప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వార్డెన్ మేడం ఒంటి కాలికి చెప్పు తొడుక్కుంటూ, "ఆ పసుపు లైనింగ్ మీటర్ ఎట్లనమ్మా?" అని ఆవిడనడిగింది. అందరికీ వినబడేట్టే అడిగింది.

మూడు రోజులకు ఆ లైనింగ్ తానును ఉతికి ఆరేసి మడత పెట్టి తీసుకెళ్ళాను. పైకి ఎక్కబోతే అడుగు పెట్టే సందు లేదు. మెట్టు మెట్టుకూ చెప్పులు. హాస్టల్లో రోజూ చూసే చెప్పులే చాలా ఉన్నాయి. మందుల దుకాణాయన విసుక్కుంటూ, "జర పక్కకు విడవమ్మా, మాకు గిరాకీలు రావొద్దా?" అన్నాడు. నా కళ్ళు ఎందుకో తడయ్యాయి. నా చెప్పులు చేతిలోనే పట్టుకుని పైకెక్కాను.