ఫోన్‌లో ఇంటిపేరు

మా ఆయన సౌదీ నుంచి సెలవు మీద వచ్చిన ఏడాది అది. రీఎంట్రీ గడువు ఎల్లుండితో అయిపోతుంది. ఆలోపు అక్కడ దిగకపోతే వీసా పోయినట్టే, పని పోయినట్టే. ఇక్కడ చూస్తే ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె, బంద్. బస్సుల్లేవు. ఆయన తెల్లవారుజామునే దోస్తు బండి మీద జగిత్యాల నుంచి సిరిసిల్ల మీదుగా హైదరాబాద్ బయలుదేరాడు. పాస్‌పోర్టు ఆయన జేబులో, జిరాక్సు నా చేతిలో.

టికెట్ మాత్రం ఇంకా కాలేదు. కోరుట్లలో మాకు టికెట్లు చేసే భాయ్ మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"చెల్లె, నా దగ్గర నెట్ మొత్తం బంద్. షట్టర్ కూడ దించిన. హైదరాబాద్ ఆఫీసుల సీటు పట్టి ఉంచిన్రు గని అయిదింటిదాకనే. నంబర్ చెప్త, నువ్వే మాట్లాడి పేరు రాయించు. ఒక్క అక్షరం తప్పువోతే ఎయిర్‌పోర్టుల ఆపుతరు, యాదుంచుకో."

మా ఆయనకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. పాపను ఒళ్లో వేసుకుని జిరాక్సు ముందు పెట్టుకుని హైదరాబాద్ నంబరు కలిపాను. ఎత్తినాయన మాటలో కోస్తా యాస.

"ఇంటిపేరు చెప్పండి మేడమ్. ఒక్కో అక్షరం."

"టీ."

"డీ నా, టీ నా, పీ నా? సరిగ్గా చెప్పండి."

"టీ సార్. టీ ఫర్ తెలంగాణ."



ఆ రోజుల్లో ఆ మాట వెతుక్కోకుండానే నోటికొచ్చేది. దుకాణాల బోర్డుల మీదా, బండ్ల నంబరు ప్లేట్ల మీదా అదే. టైగరో, టేబులో అని ఉండొచ్చు. తట్టలేదు.

"నేను టికెట్ కొట్టడానికి కూర్చున్నానండి, నినాదాలు వినడానికి కాదు."

"అట్ల కాదు సార్, ఊకె నోటికచ్చింది."

"అందరికీ అదే వస్తుందండి ఈమధ్య" అని పెట్టేశాడు.

మళ్లీ చేస్తే ఎంగేజ్. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. పాప జిరాక్సు గుంజుతూ ఏడుపు మొదలుపెట్టింది. కోపం నాకూ ఉంది. నా ఊళ్లో కూర్చుని నా మాట నేను అంటే తప్పా? కానీ గడియారం చూస్తుంటే కోపం నిలవలేదు. అన్నీ సర్దుకున్న మా ఆయన బ్యాగే కళ్లముందు మెదిలింది.

చివరికి ఎత్తాడు. నేను బతిమాలలేదు.

"సార్, నేను అక్షరమే చెప్త. దానికి మాట మీరే పెట్టుకోండ్రి. మీరన్నది సరైందయితే అవునంట."

"సరే, కానివ్వండి. టీ ఫర్ తెనాలి."

"అవును."

తర్వాతి అక్షరం ఏ. ఆయన ఏమంటాడో ముందే తెలుసు.

"ఏ ఫర్ ఆంధ్రా."

కావాలనే అన్నాడు.

"అవును సార్. ఏ."

"ఏ అంటే? ఏ ఫర్?"

"ఆంధ్ర" అన్నాను.

అక్కడి నుంచి గబగబా సాగింది. ఎన్ నెల్లూరు, జీ గుంటూరు, బీ బాపట్ల. ఆయన ఊళ్లు చెబుతుంటే నేను వేలితో జిరాక్సు మీద అక్షరాలు దాటుతున్నాను. "వీ" అన్నాను.

"వీ ఫర్ ఉయ్యూరు."

వేలు ఆగిపోయింది. "సార్, ఉయ్యూరు అంటే యూ కాదా? నేను చెప్పింది వీ."

"వీయేనండి. ఇంగ్లీషులో వీతోనే రాస్తారు. మా ఊరు."

"నాకు తెల్వదు సార్. మల్ల నేనెట్ల అవునంట?"

ఆయన నవ్వాడో, విసుక్కున్నాడో తెలియలేదు. "నిజమేలెండి. మీకెలా తెలుస్తుంది? వీ ఫర్ విజయ్. సరేనా?"

"ఆఁ, సరే."

మొత్తం అయ్యాక, "మళ్లీ మొదటి నుంచి మీరు చదవండ్రి సార్" అన్నాను. టైమ్ లేదన్నాడు. "మా ఆయన నౌకరి ఉన్నది దీన్ల" అన్నాను. ఈసారి వాదించలేదు. ఇంటిపేరు, పేరు విడివిడిగా, నిదానంగా చదివాడు. మొదటి అక్షరానికి తెనాలి అనలేదు, నా మాటా అనలేదు. "టీ ఫర్ టైగర్" అన్నాడు. ఏ దగ్గర "యాపిల్" అన్నాడు. చివరిదాకా ప్రతి అక్షరానికీ అవునన్నాను.

టికెట్ నంబర్ కూడా అట్లాగే ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చెప్పాడు. నేను తిరిగి చదివి వినిపించాను.

"కరెక్టే మేడమ్" అని, "రోడ్లు ఎలా ఉన్నాయి అటు?" అని అడిగాడు.

"సిరిసిల్ల కాడ బండ్లు ఆపి రోడ్డు మీదనే వంటలు వండుతున్నరట సార్."

"ముందు మీ ఆయన్ని వెళ్లమనండి. సీటుంది, పేరుంది."

మా ఆయన ఫోన్ సాయంత్రానికి కలిసింది. సిరిసిల్లలో చాలాసేపు ఆపారట, పాస్‌పోర్టు చూపిస్తే అన్నం పెట్టి మరీ వదిలారట. నంబర్ రాసుకున్నాడు. మరునాడు ఎయిర్‌పోర్టు నుంచి ఒక్క నిమిషమే మాట్లాడాడు.

"పేరు కలిసింది. లోపటికి పోతున్న. బిడ్డ పైలం, మంచిగ చూసుకో."

అప్పుడు గాని నాకు ఏడుపు రాలేదు.